రామప్ప పోస్టు ఎందుకు జారింది: రెండేళ్ల తగ్గుదలపై ఒక కేస్ స్టడీ

హన్మకొండలో నాలుగు కార్లు నడిపే ఒక తమ్ముడికి చిన్న వెబ్‌సైటు ఉంది. వేయి స్తంభాల గుడి, లక్నవరం, పాకాల, రామప్ప ఇలా చుట్టుపక్కల చూడదగ్గ చోట్ల గురించి తెలుగులో పోస్టులు పెట్టాడు. చదివినవాళ్లలో కొందరు కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసి కారు మాట్లాడుకుంటారు. వీటన్నిటిలో ఎక్కువ మందిని తెచ్చేది 2018 డిసెంబరులో రాసిన రామప్ప పోస్టు. 2024 జులై మొదటి వారంలో అతను నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, రామప్ప పోస్టు చూసి ఫోన్ చేసేటోళ్లు తగ్గిన్రు. మొన్న జాతరప్పుడు మస్తు మంది వచ్చిన్రు గదా. ఇంతల్నే ఏమైందో సమజైతలేదు."

నేను చేసే పని ఇదే. పాత పోస్టులు ఎందుకు పడిపోయాయో చూసి, తిరిగి రాసి పెడతాను. కానీ ఈ పోస్టు దగ్గర మొదటి ప్రశ్నకే జవాబు అంత సులువుగా దొరకలేదు. అసలు ఎప్పటి నుంచి పడుతోంది?

జాతర కప్పేసిన తగ్గుదల

మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. 2022లో ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా, 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. వరంగల్ మీదుగా పోయేవాళ్లు ములుగు దారి పట్టి, గట్టమ్మ గుడి దగ్గర ఆగి, మేడారం పోతారు. వస్తూ వస్తూ రామప్ప చూసి వచ్చేవాళ్లు చాలా మంది. అందుకే జాతర ఉన్న ఏడాది ఫిబ్రవరిలో రామప్ప పోస్టుకు ట్రాఫిక్ ఒక్కసారిగా లేస్తుంది.

దీనివల్ల ఒక ఏడాదిని పక్క ఏడాదితో పోల్చే మామూలు పద్ధతి ఇక్కడ పనికిరాదు. 2024 ఫిబ్రవరిని 2023 ఫిబ్రవరితో పోలిస్తే పోస్టు బ్రహ్మాండంగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. 2024 ఏప్రిల్‌ను ఫిబ్రవరితో పోలిస్తే రాత్రికి రాత్రి కూలిపోయినట్టు కనిపిస్తుంది. రెండూ తప్పే. తమ్ముడు మొదటిది చూసి సంతోషపడ్డాడు, రెండోది చూసి టెన్షన్ పడ్డాడు.

ఇంకో అడ్డంకి కూడా ఉంది. గూగుల్‌లో వెతికి సైటుకు వచ్చినవాళ్ల లెక్కలు చూపే గూగుల్ సర్చ్ కన్సోల్‌లో 16 నెలల లెక్కలే దొరుకుతాయి. 2024 జులైలో కూర్చుని చూస్తే 2023 మార్చి కన్నా వెనక్కి పోలేం. ఆ కిటికీలో ఒకే ఒక్క జాతర పడుతుంది. అంటే గ్రాఫులో ఒక పెద్ద మూపురం, దాని తర్వాత పల్లం, అంతే. గూగుల్ అనలిటిక్స్ పాత వెర్షన్ 2023 జులైలోనే కొత్త లెక్కలు తీసుకోవడం ఆపేసింది, అందులోని పాత లెక్కలు కూడా 2024 జులై నుంచి అందుబాటులో లేకుండా పోయాయి. అదృష్టం ఏమిటంటే, తమ్ముడి ఆఫీసులో పనిచేసే అమ్మాయి 2021 నుంచి ప్రతి నెల ఒకటో తారీఖున సర్చ్ కన్సోల్ లెక్కలు దించి ఒక షీటులో పెడుతూ వచ్చింది. ఎవరూ అడగకుండానే చేసిన పని. ఆ షీటు లేకపోతే ఈ కేసు సగం ఊహ మీదే నడిచేది.

ఆ షీటులో నేను జూన్ నెలలు తీసుకున్నాను. జూన్‌లో జాతర లేదు. శివరాత్రి లేదు, కార్తీకం లేదు. బడులు తెరుస్తారు కాబట్టి సెలవుల రద్దీ కూడా తగ్గుతుంది. ఏ పండుగ నీడా పడని నెల అన్నమాట. సర్చ్ నుంచి వచ్చిన క్లిక్‌లు ఇలా ఉన్నాయి: 2022 జూన్‌లో 2,310, 2023 జూన్‌లో 1,540, 2024 జూన్‌లో 870. జాతర తర్వాత కూలింది కాదు, అంతకుముందు నుంచే మెల్లగా జారుతోంది. జాతర వచ్చి ఆ జారుడును కప్పేసింది.

మిగతా నెలలు కూడా పక్కపక్కన పెట్టి చూశాను. జాతర రోజులు వదిలేస్తే, ఏ ఒక్క వారంలోనూ నిట్టనిలువుగా పడిపోలేదు. ఇది ముఖ్యమైన సంగతి. ఫలితాల వరుసను మార్చే గూగుల్ పెద్ద అప్‌డేట్ దెబ్బకు పడిన పేజీ సాధారణంగా ఆ రోజుల్లోనే గోడ దిగినట్టు పడుతుంది. పొరపాటున పేజీని గూగుల్ దగ్గరుండే పేజీల జాబితా, అంటే ఇండెక్స్ నుంచి తీసేసినా అంతే. ఇక్కడ వాలు మాత్రమే ఉంది. సర్చ్ కన్సోల్‌లోని యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో చూస్తే పేజీ ఇండెక్స్‌లోనే ఉంది, గూగుల్ వచ్చి చూసి వారం కూడా కాలేదు. కాబట్టి టెక్నికల్ లోపం కోసం వెతకడం అక్కడితో ఆపేశాను.

ఏ మాటలు పోయాయి

పేజీ మొత్తం లెక్క చూసి కారణం చెప్పలేం. సర్చ్ ఫలితాల్లో పేజీ సగటు స్థానం 2023 ఏప్రిల్ నుంచి జూన్ మధ్య 9.8 ఉంటే, 2024లో అవే నెలల్లో 14 దాటింది. చూడగానే జనం వెతికే అన్ని మాటలకూ వెనకబడ్డామనిపిస్తుంది. కానీ ఆ సగటులో, భారతదేశంలోని యునెస్కో స్థలాల జాబితా కోసం వెతికినప్పుడు ఎక్కడో 60వ స్థానంలో కనబడిన సందర్భాలు కూడా కలిశాయి. అవి పెరిగితే సగటు పాడవుతుంది, మనకు వచ్చే మనిషి మాత్రం ఒక్కడూ తగ్గడు. అందుకని జనం వెతికిన మాటలను గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపునూ పాత ఏడాది అవే నెలలతో పోల్చాను. సర్చ్ కన్సోల్‌లో ఈ పనికి, చాలా మాటలను ఒకేసారి పట్టే రెజెక్స్ ఫిల్టర్ ఉంది. మన దగ్గర జనం తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ లిపిలోనూ వెతుకుతారు కాబట్టి రెండూ పెట్టాలి. ప్రయాణం గుంపుకు నేను పెట్టింది ఇది:

```
bus|route|distance|how to|బస్|ఎలా|దూరం
```

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. చాలా తక్కువ మంది వెతికిన మాటలను గోప్యత కోసం గూగుల్ చూపించదు. గుంపుల లెక్కలన్నీ కూడినా పేజీ మొత్తానికి సమానం కాదు. తేడా వచ్చిందని కంగారు పడొద్దు. ఒకే గుంపును రెండు కాలాల్లో పోల్చడానికే వీటిని వాడాలి.

మొదటి గుంపు గుడి పేరు మాత్రమే కొట్టి వెతికినవాళ్లది, `ramappa temple` లాంటివి. మనం ఫలితాల్లో కనబడిన సార్లు, అంటే ఇంప్రెషన్లు, దాదాపు అంతే ఉన్నాయి. స్థానం అయిదు నుంచి ఆరుకు వచ్చింది. క్లిక్‌లు ముందూ తక్కువే, ఇప్పుడూ తక్కువే. ఆ మాట కొడితే గూగుల్ తన పేజీ మీదే మ్యాపు, ఫొటోలు, తెరిచి ఉండే వేళలు చూపిస్తుంది. చూసేవాడికి కావలసింది అక్కడే దొరుకుతుంది. మనం ఎంత బాగా రాసినా ఈ గుంపులో పెద్దగా రాబట్టేది లేదని అప్పుడే రాసి పెట్టుకున్నాను.

రెండోది ప్రయాణం గుంపు. `warangal to ramappa bus`, `hanamkonda to ramappa distance`, "రామప్పకు ఎలా వెళ్ళాలి". అసలు నష్టం ఇక్కడ ఉంది. వెతికేవాళ్లు తగ్గలేదు, ఇంప్రెషన్లు అలాగే ఉన్నాయి. మన స్థానం మాత్రం మూడు నుంచి ఎనిమిదికి పోయింది. ఫోన్‌లో ఎనిమిదో ఫలితం దాకా వేలు పోదు. పోయిన క్లిక్‌లలో సగానికి పైగా ఈ గుంపువే. కారు మాట్లాడుకునేవాళ్లు కూడా ఈ గుంపులోనే ఉంటారు. ఫోన్లు తగ్గాయని తమ్ముడికి అనిపించడం నిజమే అన్నమాట.

మూడోది చరిత్ర గుంపు, ఎక్కువగా బడి పిల్లలు, వాళ్ల కోసం వెతికే తల్లిదండ్రులు. ఇందులో స్థానం ఒక వారం నాలుగు, ఇంకో వారం తొమ్మిది. ఇలా ఊగడం మామూలు తగ్గుదల కాదు. దీని కారణం వేరే, దాని గురించి కింద చెబుతాను.

నాలుగో గుంపు చిన్నది. భూపాలపల్లి జిల్లాలో చూడదగ్గ ప్రదేశాల కోసం వెతికినవాళ్లు. ఒకప్పుడు వచ్చేవాళ్లు, ఇప్పుడు లేరు. ఈ గుంపును వదిలేయమని తమ్ముడికి చెప్పాను. 2018 డిసెంబరులో రామప్ప జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉండేది. 2019 ఫిబ్రవరి 17న ములుగు కొత్త జిల్లా అయింది, రామప్ప గుడి ఉన్న పాలంపేట అందులోకి వచ్చింది. పోస్టు పెట్టిన రెండు నెలలకే జిల్లా పేరు పాతబడిందన్నమాట, అయిదేళ్లు దాటినా అది అలాగే ఉంది. భూపాలపల్లి కోసం వెతికేవాడికి మనం కనబడకపోవడమే సరైనది. పోయిన ప్రతి క్లిక్కూ తిరిగి తెచ్చుకోవలసినది కాదు.

ప్రయాణం గుంపు ఎందుకు వెనకబడింది

ఆ మాటలనే ఒక ఫోన్‌లో, లాగిన్ లేకుండా, కొట్టి చూశాను. మనకన్నా పైన ఉన్నవాళ్లు ఏం ఇస్తున్నారో తెరిచి చదివాను. రాత బాగుందని ఎవరినీ అనలేను. అయినా అందరూ ఒక పని చేశారు. ఏ బస్టాండు నుంచి పోవాలి, ఎక్కడ దిగాలి, అక్కడి నుంచి ఏం దొరుకుతుంది అన్నది మొదటి తెర మీదే చెప్పారు.

మన పోస్టు 1213లో రేచర్ల రుద్రుడు గుడి కట్టించడంతో మొదలవుతుంది. తర్వాత ఇసుక పునాది, నీళ్లలో తేలే ఇటుకలు, నల్లరాతి మదనికలు. చాలా ప్రేమగా రాసిన భాగం అది, నాకు కూడా నచ్చింది. బస్సు సంగతి మాత్రం పదకొండు ఫొటోలు దాటాక, ఏడో పేరాలో వస్తుంది. అక్కడ ఉన్నవి 2018 నాటి చార్జీలు. ఆర్టీసీ పేరు టీఎస్ఆర్టీసీ అనే ఉంది, 2024లో అది టీజీఎస్ఆర్టీసీ అయింది. వరంగల్ అర్బన్ జిల్లా నుంచి బయలుదేరమని ఉంది, 2021 ఆగస్టులో అది హన్మకొండ జిల్లాగా మారింది. మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది, దాని ఊసే లేదు. ఆడవాళ్లు గుంపుగా గుడికి పోవడానికి ఆలోచించేటప్పుడు మొదట అడిగేది అదే కదా.

ఇక్కడ నన్ను నేను ఆపుకోవలసి వచ్చింది. ఉచిత బస్సు సంగతి లేకపోవడమే కారణమని రాసేయడం తేలిక. కానీ షీటు చూస్తే స్థానం జారడం 2022 చివర్లోనే మొదలైంది, పథకం వచ్చింది ఏడాది తర్వాత. కాబట్టి అది జారుడును పెంచి ఉండొచ్చు, మొదలుపెట్టలేదు. మొదలుపెట్టింది జవాబు లోపల ఎక్కడో ఉండటం. 2018లో ఈ మాటలకు తెలుగులో రాసినవాళ్లే తక్కువ, ఏడో పేరాలో ఉన్నా మనదే పైకి వచ్చేది. యునెస్కో గుర్తింపు తర్వాత చాలా మంది రాశారు. సూటిగా చెప్పినవాళ్లు ఒక్కొక్కరుగా మన ముందుకు వచ్చారు. వాలు మెల్లగా ఉండటానికి కారణం అదే.

నా దగ్గరికి రాకముందు, 2023 అక్టోబరులో తమ్ముడు ఒక ప్రయత్నం చేశాడు. రాతలో ఏమీ మార్చకుండా తేదీ మార్చి, శీర్షిక చివర 2023 అని చేర్చాడు. రెండు వారాలు కొంచెం కదలిక కనిపించింది, తర్వాత మళ్లీ పాత వాలే. విషయం మారకుండా తేదీ మార్చి కొత్తగా కనిపించేలా చేయవద్దని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే చెప్పింది. అసలు నష్టం 2024లో జరిగింది. ఫలితాల్లో శీర్షిక పక్కన 2023 అని కనబడుతుంటే చదివేవాడు దాన్ని దాటి పోతాడు.

రెండు పేజీల గొడవ

ఇప్పుడు చరిత్ర గుంపు సంగతి. 2021 జులై 25న రామప్పను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఆ వారంలోనే తమ్ముడు ఇంకో పోస్టు పెట్టించాడు, యునెస్కో గుర్తింపు వచ్చిందని. వార్త నాలుగు లైన్లు, మిగతాదంతా పాత పోస్టులోని చరిత్రే మాటలు మార్చి. ఆ రోజుల్లో అది బాగా నడిచింది కూడా.

రెండు పేజీలు ఒకదాన్ని ఒకటి తింటున్నాయా అని తెలుసుకోవడం కష్టం కాదు. సర్చ్ కన్సోల్‌లో ఒక మాట మీద ఫిల్టర్ పెట్టి, పేజీల ట్యాబ్ తెరవాలి. మన సైటు నుంచి రెండు యూఆర్ఎల్‌లు కనబడి, రెండింటికీ చెప్పుకోదగ్గ ఇంప్రెషన్లు ఉంటే అనుమానించాలి. తర్వాత ఒక్కో పేజీ గ్రాఫును రోజుల వారీగా చూడాలి. ఒకటి లేచిన రోజుల్లో ఇంకోటి పడుతుంటే అనుమానం నిజమే. `ramappa temple history in telugu` మీద సరిగ్గా అలాగే ఉంది. ఏ పేజీ చూపించాలో గూగుల్‌కు తేలక ఒక వారం ఇది, ఒక వారం అది చూపిస్తోంది. రెండు యూఆర్ఎల్‌లు కనబడినంత మాత్రాన గొడవ ఉన్నట్టు కాదని కూడా చెప్పాలి. రెండూ వేర్వేరు అవసరాలు తీరుస్తూ, రెండూ నిలకడగా ఉంటే ముట్టుకోకూడదు.

ఇంకో సంగతి నన్ను బాధపెట్టింది. పాత పోస్టులో "యునెస్కో గుర్తింపు కోసం ఎదురుచూస్తోంది" అనే వాక్యం 2024 దాకా అలాగే ఉంది. ఒకే సైటులో ఒక పేజీ ఎదురుచూస్తోందంటుంది, ఇంకోటి వచ్చేసిందంటుంది. ఇది గూగుల్ కోసం కాదు, చదివే పిల్లవాడి కోసం దిద్దవలసిన తప్పు. వాడు దాన్ని ప్రాజెక్టు వర్కులో రాసుకుపోతాడు.

రెండింటినీ కలపాలని నిర్ణయించాం. 2018 పేజీనే ఉంచాం, ఎందుకంటే వేరే సైట్ల నుంచి ఎక్కువ లింకులు దానికే ఉన్నాయి, ప్రయాణం గుంపు కూడా దానిదే. యునెస్కో పోస్టులో కొత్తగా ఉన్న రెండు పేరాలు తీసి ఇందులో పెట్టాం. మిగతాది తీసేయడానికి తమ్ముడికి మనసొప్పలేదు. "అన్నా, అంతా కష్టపడి రాయించిన" అన్నాడు. అవే సంగతులు ఇక్కడ ఉన్నాయని పక్కపక్కన పెట్టి చూపించాక ఒప్పుకున్నాడు.

పాడయ్యేవి, పాడవనివి

తిరిగి రాయడానికి ముందు పోస్టులోని ప్రతి వాస్తవాన్ని ఒక షీటులో విడిగా రాశాను. మొత్తం 41 వచ్చాయి. వాటిని రెండు రకాలుగా చూశాను. గుడి 1213 నాటిదన్నది ఎప్పటికీ మారదు. బస్సు, చార్జీ, జిల్లా పేరు, సంస్థ పేరు, ఆటో దొరికే చోటు, టికెట్ ఉందా లేదా, ఇవి మారేవి. మారేవి 17. ఒక్కోదాని పక్కన ఎక్కడ సరిచూశాం, ఏ రోజు సరిచూశాం అని రెండు నిలువు వరుసలు పెట్టాను. పోస్టు పాతబడటం అంటే 17 గడులు పాతబడటమే. మిగతా 24 వాక్యాలను ముట్టుకోనక్కరలేదు.

సరిచూడటానికి వేరే సైట్లను నమ్మలేదు. వాళ్లూ ఒకరిది చూసి ఒకరు రాసుకున్నవాళ్లే. ఒక మంగళవారం పొద్దున నేను హన్మకొండ బస్టాండు నుంచి బస్సు ఎక్కి ములుగు పోయాను. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ రోడ్డు దగ్గర హైవే వదిలి పాలంపేట వైపు తిరగాలి. పాత పోస్టులో ఆ మలుపు పేరే లేదు, ములుగులో దిగండి అని మాత్రమే ఉంది. దారి తెలియనివాడికి అన్నిటికన్నా కావలసింది ఆ పేరే. కండక్టర్‌ను అడిగితే ఆయన చెప్పిన మాట పోస్టులో ఎలా రాయాలో నాకు తేల్చింది. "నేరుగ పోయే బస్సు కోసం చూస్తే గంటలు పడుతది సార్. ములుగు దాకా ఏ బస్సయినా ఎక్కుండ్రి, అక్కడ అడుగుండ్రి."

దాంతో నిమిషాలతో సహా బస్సు వేళల పట్టిక పెట్టాలన్న ఆలోచన మానుకున్నాను. పట్టిక ఉంటే సర్చ్‌లో బాగా వచ్చేదేమో. కానీ అది రెండు నెలల్లో తప్పవుతుంది, తప్పయిన పట్టికను నమ్మి ఒక కుటుంబం పిల్లలతో బస్టాండులో కూర్చుంటుంది. దాని బదులు దారి ఎలా సాగుతుంది, ఎక్కడ మారాలి, తిరుగు బస్సు గురించి దిగగానే ఎందుకు అడిగి పెట్టుకోవాలి అన్నది రాశాం. ఆ భాగం కింద "ఈ వివరాలు 2024 జులైలో ప్రయాణించి సరిచూసినవి" అని పెట్టాం.

కొత్త పోస్టు మొదటి రెండు పేరాలు ప్రయాణానివే. హన్మకొండ నుంచి సుమారు 65 కిలోమీటర్లు, ములుగు మీదుగా, జంగాలపల్లి దగ్గర మలుపు, బస్సయితే ఇలా, సొంత కారయితే ఇలా. దాని తర్వాత గుడి దగ్గర ఎంతసేపు పడుతుంది, పక్కనే ఉన్న రామప్ప చెరువు. చరిత్ర భాగాన్ని తగ్గించలేదు, కిందికి జరిపి దానికి సొంత ఉపశీర్షిక ఇచ్చాం. శీర్షిక ముందు "రామప్ప దేవాలయం: కాకతీయుల కళావైభవం 2023" అని ఉండేది. "రామప్పకు ఎలా వెళ్ళాలి: హన్మకొండ నుంచి బస్సు, కారు, గుడి విశేషాలు" అని మార్చాం. ఏడాది అంకె తీసేశాం. ఫొటోలు పదకొండు నుంచి ఆరుకు తగ్గించి, సైజు చిన్నవి చేశాం.

యూఆర్ఎల్ మాత్రం మార్చలేదు. తమ్ముడు మార్చాలనుకున్నాడు, పాతదాంట్లో అక్షర దోషం ఉంది మరి. కానీ దానికి ఉన్న లింకులు, అయిదేళ్లుగా జనం వాట్సాప్‌లో పంపుకున్న మెసేజ్‌లు అన్నీ ఆ చిరునామాకే వస్తాయి. దోషంతోనే ఉండనిచ్చాం.

తేదీల విషయంలో రెండూ చెప్పాం. మొదట ఎప్పుడు రాశాం, ఎప్పుడు దిద్దాం. చదివేవాడికి పేజీ మీద కనబడే తేదీలు, కోడ్‌లో గూగుల్‌కు చెప్పే తేదీలు ఒకటే ఉండాలి:

```
"datePublished": "2018-12-14",
"dateModified": "2024-08-05"
```

ఆగస్టు 5న కొత్త పోస్టు పెట్టాం. అది సరిగ్గా తెరుచుకుంటోందని చూసుకున్నాకే యునెస్కో పోస్టును దీనికి మళ్లించాం. ఈ వరుస తప్పితే, కలపాల్సిన విషయం ఇంకా లేని పేజీకి జనాన్ని పంపినట్టవుతుంది.

```
Redirect 301 /ramappa-unesco/ /ramapa-temple/
```

ఈ మళ్లింపును కనీసం ఏడాది ఉంచాలని గూగుల్ చెబుతుంది. మాకు ఖర్చేమీ లేదు కాబట్టి ఎప్పటికీ ఉంచుతాం. సైటులోని ఇతర పోస్టుల్లో యునెస్కో పేజీకి ఉన్న లింకులను కూడా వెతికి నేరుగా కొత్తదానికి మార్చాం. లక్నవరం పోస్టులో ఒకటి మిగిలిపోయింది, నెల తర్వాత దొరికింది.

తర్వాత ఏం జరిగింది, ఎంత నమ్మాలి

మొదటి పది రోజులు ఏమీ కదల్లేదు. మూడో వారం నుంచి ప్రయాణం గుంపు స్థానం పైకి రావడం మొదలైంది. మళ్లించిన పాత యూఆర్ఎల్ సర్చ్ ఫలితాల్లోంచి పూర్తిగా పోవడానికి ఆరు వారాలు పట్టింది. అంతదాకా చరిత్ర గుంపు ఊగుతూనే ఉంది, తర్వాత అయిదో స్థానం దగ్గర నిలబడింది.

అయితే 2024 ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 3 దాకా గూగుల్ ఒక కోర్ అప్‌డేట్ నడిపింది. మా మూడో వారం సరిగ్గా అందులో పడింది. పెరిగింది మా పని వల్లనా, అప్‌డేట్ వల్లనా? దీనికి ఉన్న మార్గం ఒక్కటే, ముట్టుకోని పేజీలను పక్కన పెట్టి చూడటం. వేయి స్తంభాల గుడి, పాకాల పోస్టులను ఆగస్టు నుంచి మూడు నెలలు కావాలనే కదిలించకుండా ఉంచాం. ఆ రెండూ దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. ఒకే సైటు, ఒకే రకం పోస్టులు కాబట్టి రామప్ప పెరుగుదలలో ఎక్కువ భాగం దిద్దిన పనిదేనని చెప్పగలను. అంతా దానిదేనని చెప్పలేను.

2025 జూన్‌లో క్లిక్‌లు 1,720 వచ్చాయి. అంతకుముందు జూన్‌కు దాదాపు రెట్టింపు, కానీ 2022 జూన్ నాటి 2,310 కాదు. తమ్ముడు మిగతా సుమారు 600 గురించి అడిగాడు. అందులో కొంత ఎప్పుడూ మనది కాదని చెప్పాను. ఏ మాటను జనం ఎప్పుడు ఎక్కువ వెతికారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో రామప్ప గీతను చూస్తే 2021 జులైలో పెద్ద శిఖరం ఉంటుంది. 2022లో ఆ ఊపు ఇంకా కొంత మిగిలి ఉంది. మేం పోల్చుకున్న పాత అంకెలోనే యునెస్కో వార్త బలం కలిసి ఉందన్నమాట. ఇంకొంత మొదటి గుంపుది, గూగుల్ పేజీ మీదే జవాబు దొరికిపోయేవాళ్లది. వాళ్ల కోసం ఇంకో వెయ్యి పదాలు రాయమని నేను చెప్పను.

ప్రయాణం గుంపు స్థానం ఎనిమిది నుంచి నాలుగు లోపలికి వచ్చింది. తమ్ముడు ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "ఎక్కడ చూసి చేసిన్రు" అని అడిగి నోటుబుక్కులో రాసుకుంటాడు. 2024 జూన్‌లో రామప్ప పేజీ చూసి చేసినవాళ్లు నలుగురు. 2025 జూన్‌లో పదకొండు మంది.

17 గడుల షీటు ఇప్పుడు ఆ అమ్మాయి చేతిలో ఉంది. మూడు నెలలకోసారి వరుసగా ఒక్కో గడిని ఫోన్ చేసో, వెళ్లి వచ్చే మా డ్రైవర్లను అడిగో సరిచూస్తుంది. ఏదైనా మారితేనే పోస్టులో దిద్ది తేదీ మారుస్తుంది, మారకపోతే తేదీని ముట్టుకోదు. 2026 జాతర తేదీలు జనవరి 28 నుంచి 31 దాకా. ఆ రోజుల్లో ఆ దారిలో రాకపోకల ఏర్పాట్లు మారతాయి, మామూలు రోజుల వివరాలు పనికిరావు. అందుకని డిసెంబరు చివరి వారంలో సరిచూడటానికి ఇంకో ఆరు గడులు చేర్చాం. క్లిక్‌ల షీటులో ఆ అమ్మాయి 2026 జనవరి, ఫిబ్రవరి నెలలకు పసుపు రంగు వేసింది, 2027లో ఎవరూ వాటిని పక్క ఏడాదితో పోల్చి మోసపోకుండా.